ఏడో తరగతి గణితం: సత్ర పరీక్షకు ముందు ఒక్క మిశ్రమ షీటు, 50 మార్కుల పోర్షన్, 20 ప్రశ్నలు

ప్రశ్న: సార్, నమస్తే. మహారాష్ట్రల సిరొంచల ఇంటికాడ ఏడో తరగతి పిల్లలు పదకొండు మందికి ట్యూషన్ చెప్తున్న. అందరిదీ మరాఠీ మీడియం, ఇంట్ల తెలుగు. దీపావళి ముందట మొదటి సత్ర పరీక్ష, ఇంక పన్నెండు రోజులుంది. గణితంల అయిదు పాఠాలు, 50 మార్కులు. బడి సారు ఇచ్చిన లెక్క: పూర్ణాంక సంఖ్యలు 8, మసావి-లసావి 12, కోణాల జోడీలు 10, పరిమేయ సంఖ్యలు 14, ఘాతాంకాలు 6. పోయినసారి పాఠానికి పది చొప్పున ప్రశ్నలిచ్చిన. ఇంటికాడ అన్నీ కరెక్టే చేసిన్రు, పరీక్షల మాత్రం ఏది మసావో ఏది లసావో కలగలిపిన్రు. ఈసారి అన్నీ కలిపి ఒక్క షీటు ఇయ్యాలనుకుంటున్న. ఏ పాఠంల కెల్లి ఎన్ని ప్రశ్నలు, ఎంత కష్టమైనవి పెట్టాలె?

సమాధానం: మీ బడి మాటల్నే వాడుతున్నాను: సత్రం అంటే సెమిస్టర్, మసావి అంటే మన గసాభా, లసావి అంటే మన కసాగు, పరిమేయ సంఖ్యలంటే మన అకరణీయ సంఖ్యలు, పూర్ణాంకాలంటే రుణ సంఖ్యలు కూడా కలిసినవి. 20 ప్రశ్నల షీటు చేయండి. పూర్ణాంకాలు 3, మసావి-లసావి 5, కోణాలు 4, పరిమేయ సంఖ్యలు 6, ఘాతాంకాలు 2. కష్టం పరంగా 6 సులువు, 10 మధ్యస్థం, 4 కఠినం. ఈ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే రెండో సత్రానికి మీరే వేసుకోగలరు కాబట్టి మొదట ఆ లెక్క చెప్తాను.

ప్రతి పాఠం మార్కుల్ని 50తో భాగించి 20తో గుణించండి. పూర్ణాంకాలకు 3.2, మసావి-లసావికి 4.8, కోణాలకు సరిగ్గా 4, పరిమేయ సంఖ్యలకు 5.6, ఘాతాంకాలకు 2.4 వస్తాయి. అర ప్రశ్న, పావు ప్రశ్న పెట్టలేం కదా, ముందు దశాంశం వదిలేసి పూర్తి ప్రశ్నలు మాత్రం తీసుకోండి: 3, 4, 4, 5, 2. కలిపితే 18. మిగిలిన రెండు ప్రశ్నలు ఎవరి దశాంశ భాగం పెద్దదో వాళ్లకు. 0.8 ఉన్న మసావి-లసావికి ఒకటి, 0.6 ఉన్న పరిమేయ సంఖ్యలకు ఒకటి. మామూలుగా సగానికి మించితే పైకి, తక్కువైతే కిందికి సవరించే పద్ధతిలో ఒక్కోసారి మొత్తం 19 అవుతుంది, ఒక్కోసారి 21. 21 అయితే ఏదో ఒక పాఠం దగ్గర అంచనాగా కోత పెడతాం, కోత ఎప్పుడూ మనకు ప్రశ్నలు తయారుచేయడం కష్టమనిపించే పాఠానికే పడుతుంది. పై పద్ధతిలో ఆ ఇబ్బంది లేదు.

పిల్లలు పరిమేయ సంఖ్యల్లో వెనకబడి ఉన్నారని ఆ పాఠం నుంచి పదేసి ప్రశ్నలు పెట్టాలని మనసు లాగుతుంది. వద్దు. బలహీనంగా ఉన్న పాఠానికి విడిగా, ఆ ఒక్క పాఠంతోనే కూర్చోబెట్టి చేయించాలి. ఈ షీటు పని వేరు: పరీక్షలో ఎదురయ్యే పాళ్లలోనే పాఠాలు ఎదురై, ఏ ప్రశ్నకు ఏ పద్ధతి వాడాలో పిల్లవాడు తనంతట తాను తేల్చుకోవడం. పాళ్లు మారిస్తే పిల్లవాడి మార్కు చూసి పరీక్ష సంగతి అంచనా వేయలేరు. ఇంకో హద్దు కూడా ఉంది. ఏ పాఠంలోనైనా సులువు ప్రశ్నలు విడిగా ఇచ్చినప్పుడే సగం తప్పు చేస్తున్న పిల్లవాడికి ఈ షీటు ఇంకా తొందర. పద్ధతే రాని వాడికి పద్ధతుల్లో ఒకటి ఎంచుకో అని చెప్పి లాభం లేదు.

చాటున దూరే పాఠాలు

ప్రశ్నల లెక్క సరిపోయినా బరువు తప్పే చోటు ఒకటుంది. 3/8, 5/12 కూడమంటే అది పేరుకు పరిమేయ సంఖ్యల ప్రశ్న, పని మాత్రం సగం లసావిదే. హారాల లసావి 24 అని తేలకపోతే పిల్లవాడు అక్కడే ఆగిపోతాడు. పరిమేయ సంఖ్యల ఆరు ప్రశ్నల్లో నాలుగు ఇలా వేరు వేరు హారాల కూడికలూ తీసివేతలే అయితే, మీ షీటులో మసావి-లసావి పాఠం అవసరమయ్యే ప్రశ్నలు అయిదు కావు, దాదాపు తొమ్మిది. లసావి రాని పిల్లవాడు రెండు పాఠాల్లోనూ సున్నా చేసినట్టు కనపడతాడు, నిజానికి వాడికి తెలియనిది ఒక్కటే.

అలాగే (−2)⁵ అనే ఘాతాంకం ప్రశ్నలో గుర్తు తేల్చేది పూర్ణాంకాల గుణకారం. అందుకని ప్రశ్న రాయగానే పక్కన రెండు గడులు పెట్టుకోండి, ఒకటి అసలు పాఠానికి, ఇంకొకటి చాటున వాడే పాఠానికి. రెండో గడిలో ఏ పాఠమూ మూడుకు మించి రాకుండా చూసుకోండి. పరిమేయ సంఖ్యల ఆరు ప్రశ్నల్ని ఇలా విడదీస్తే సరిపోతుంది: వేరు హారాల కూడిక ఒకటి, తీసివేత ఒకటి, గుణకారం ఒకటి, భాగహారం ఒకటి, రెండు సంఖ్యల మధ్య సంఖ్యలు కనుక్కోవడం ఒకటి, దశాంశ రూపంలో రాయడం ఒకటి. లసావి చాటున వచ్చేది కూడిక, తీసివేత, మధ్య సంఖ్యలు, ఈ మూడింట్లోనే.

కష్టాన్ని కొలవడం

6, 10, 4 అంటే నూటికి 30, 50, 20 పాళ్లు. బడి ప్రశ్నపత్రాల బ్లూప్రింట్లలో తరచూ కనపడే పాళ్లే ఇవి. మీ బడి పాత ప్రశ్నపత్రాలు రెండు మూడు దొరికితే వాటిని చూసి సవరించుకోండి. పాఠాలవారీగా ఇలా పంచండి: పూర్ణాంకాల్లో 1 సులువు, 2 మధ్యస్థం. మసావి-లసావిలో 1, 3, 1. కోణాల్లో 1, 2, 1. పరిమేయ సంఖ్యల్లో 2, 2, 2. ఘాతాంకాల్లో 1, 1. ప్రతి పాఠంలో కనీసం ఒక సులువు ప్రశ్న ఉండాలి, కఠినమైనవి మార్కులు ఎక్కువున్న పాఠాలకే పోవాలి. 6 మార్కుల ఘాతాంకాల్లో కఠినమైన ప్రశ్న పెడితే పిల్లవాడు పది నిమిషాలు అక్కడే కూర్చుంటాడు, పరీక్షలో ఆ పది నిమిషాలకు తిరిగొచ్చేది చాలా తక్కువ.

అంకెలు పెద్దవైతే ప్రశ్న కఠినం అనుకోవడం మామూలు పొరపాటు. 24, 36 బదులు 1224, 1836 ఇస్తే పని పెరుగుతుంది, ఆలోచన పెరగదు. పిల్లవాడు ఎన్ని చోట్ల తనకు తానుగా నిర్ణయం తీసుకోవాలో లెక్కపెట్టండి. ఏం చేయాలో ప్రశ్నలోనే చెప్తే, ఒక్క పద్ధతితో అయిపోతే అది సులువు. ఏం చేయాలో తానే తేల్చుకోవాల్సి వస్తే మధ్యస్థం. తేల్చుకున్న తర్వాత కూడా ఇంకో మలుపు ఉంటే కఠినం.

మసావి-లసావిలో చూపిస్తాను, మీ పిల్లల తడబాటు అక్కడే కాబట్టి.

24, 36ల మసావి కనుక్కో. జవాబు 12. ఇది సులువు.

60 మామిడిపళ్లు, 84 నారింజలు ఉన్నాయి. ఒక్కో బుట్టలో ఒకే రకం పళ్లు, అన్ని బుట్టల్లో సమానంగా పెట్టాలి, ఏమీ మిగలకూడదు. ఒక బుట్టలో ఎక్కువలో ఎక్కువ ఎన్ని పళ్లు పట్టించొచ్చు? జవాబు 12. ఇది మధ్యస్థం.

ఒక బస్సు 60 నిమిషాలకోసారి, ఇంకొకటి 84 నిమిషాలకోసారి బయల్దేరుతాయి. ఉదయం 6 గంటలకు రెండూ కలిసి బయల్దేరాయి. మళ్లీ కలిసి బయల్దేరేది ఎన్ని గంటలకు? లసావి 420 నిమిషాలు, అంటే 7 గంటలు, కాబట్టి మధ్యాహ్నం 1 గంటకు. ఇది కూడా మధ్యస్థమే.

పళ్ల ప్రశ్నకూ బస్సుల ప్రశ్నకూ అంకెలు కావాలనే ఒకటే పెట్టాను. అంకెలు వేరైతే ఏది ఏ పద్ధతికి కుదురుతుందో పిల్లలు వాటిని చూసి పసిగడతారు. అవే 60, 84 రెండు చోట్లా కనపడితే చదివి అర్థం చేసుకోవడం తప్ప ఇంకో దారి లేదు. రెండిటినీ పక్కపక్కన మాత్రం పెట్టొద్దు, పెడితే ఒకటి మసావి అయితే రెండోది లసావే అయ్యుంటుందని ఊహించేస్తారు. మధ్యలో వేరే పాఠాల ప్రశ్నలు కనీసం మూడు ఉండాలి.

మూడో మధ్యస్థానికి, కఠినమైనదానికి ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. ప్రశ్నలో 'పెద్ద', 'ఎక్కువ' అని కనపడితే మసావి, 'చిన్న', 'తక్కువ' అని కనపడితే లసావి అని పిల్లలు ఒక కొండగుర్తు పెట్టుకుంటారు. దాన్ని విరగ్గొట్టాలి. 48 జామపళ్లు, 72 సీతాఫలాలు పై షరతులతోనే సర్దాలంటే అతి తక్కువ ఎన్ని బుట్టలు కావాలి? 'తక్కువ' అని ఉన్నా ఇది మసావి: బుట్టకు 24 చొప్పున, 2 కలుపు 3, అయిదు బుట్టలు. కఠినమైనదానికి: 8, 12, 15 మూడింటితోనూ శేషం లేకుండా భాగించబడే మూడంకెల సంఖ్యల్లో అతి పెద్దది ఏది? 'పెద్ద' అని ఉన్నా ఇది లసావి. లసావి 120, దాని గుణిజాల్లో మూడంకెలవి 960తో ఆగిపోతాయి, జవాబు 960. మలుపు ఇక్కడుంది: లసావి కట్టాక కూడా పని అయిపోలేదు.

ప్రశ్న రాసేటప్పుడు మన చేతి తప్పులు కూడా చూసుకోవాలి. '8, 12, 15లతో భాగిస్తే ప్రతిసారీ 5 శేషం వచ్చే అతి చిన్న సంఖ్య ఏది' అని రాసి, జవాబు 125 అని వేసుకోవడం చాలా చోట్ల కనపడుతుంది. కానీ 5ను 8తో భాగిస్తే భాగఫలం 0, శేషం 5. మిగతా రెండింటితోనూ అంతే. ఆ ప్రశ్నకు సరైన జవాబు 5. చురుకైన పిల్ల 5 అని రాస్తే మనం తప్పు పెట్టేస్తాం. 'మూడంకెల అతి చిన్న సంఖ్య' అని రాస్తేనే జవాబు 125 అవుతుంది.

పరిమేయ సంఖ్యల్లో కఠినమైనదానికి −3/4కూ −2/3కూ మధ్య మూడు సంఖ్యలు రాయమనండి. హారం 12కు మారిస్తే −9/12, −8/12 అవుతాయి, మధ్యలో ఏమీ దొరకదు. పిల్లలు సరిగ్గా ఇక్కడే ఏ సంఖ్యా లేదు అని వదిలేస్తారు. మళ్లీ నాలుగుతో పెంచితే −36/48, −32/48, మధ్యలో −35/48, −34/48, −33/48 మూడూ కనపడతాయి.

కఠినం వేరు, పోర్షన్ బయట వేరు. 'ఒక కోణం ఇంకో కోణానికి రెండింతల కంటే 30 డిగ్రీలు ఎక్కువ, మొత్తం 180' అంటే సమీకరణం కట్టాలి. మీ అయిదు పాఠాల్లో అది లేదు. కోణాల కఠిన ప్రశ్న కోణాల్లోంచే రావాలి: రెండు రేఖలు ఖండించుకున్నాయి, ఒక కోణం 40 డిగ్రీలు, దాని పక్క కోణాన్ని ఒక కిరణం సమంగా రెండు చేసింది, ఆ కిరణానికీ 40 డిగ్రీల కోణపు అవతలి భుజానికీ మధ్య ఎంత? పక్క కోణం 140, సగం 70, దానికి 40 కలిపితే 110. దీనికి బొమ్మ మీరు గీసివ్వొద్దు, పిల్లలే గీయాలి. అదే అందులో కఠినం.

తెలుగు మాట, మరాఠీ మాట

ఇది సిరొంచ వైపు, నాందేడ్ అంచు ఊళ్లలో చెప్పేవాళ్లు తప్పకుండా పట్టించుకోవాలి. గోదావరికీ ప్రాణహితకూ అవతలి ఒడ్డున దొరికే తెలుగు మీడియం గైడు చూసి ప్రశ్నలు తీసి, వాటిని పిల్లల మరాఠీ మాటల్లోకి మార్చేటప్పుడు కొన్ని మాటలు ఒకేలా వినపడతాయి, అర్థం వేరు.

తెలుగు పుస్తకంలో పూరక కోణాలంటే మొత్తం 90 డిగ్రీలు, 180కి సంపూరక కోణాలంటారు. మరాఠీ పుస్తకంలో 90కి కోటికోన్, 180కి పూరక కోన్. '40 డిగ్రీల పూరక కోణం ఎంత' అని అడిగితే తెలుగు పుస్తకం ప్రకారం 50, మరాఠీ పుస్తకం ప్రకారం 140. మీరు తెలుగులో 50 అని నేర్పి పంపితే బడిలో పిల్లవాడికి మార్కు పోతుంది, తప్పు వాడిది కాదు.

రెండోది పూర్ణాంకాలు. తెలుగులో పూర్ణాంకాలు సున్నాతో మొదలవుతాయి, రుణ సంఖ్యలు కూడా చేరితే అవి పూర్ణ సంఖ్యలు. మరాఠీలో సరిగ్గా తలకిందులు: పూర్ణ సంఖ్య అంటే సున్నాతో మొదలయ్యేవి, పూర్ణాంక సంఖ్య అంటే రుణాలతో కలిపి. 'పూర్ణాంకాల్లో అతి చిన్నది ఏది' అన్న ప్రశ్నకు తెలుగు పుస్తకంలో జవాబు సున్నా, మీ పిల్లల పుస్తకంలో అతి చిన్నదే లేదు. మన అకరణీయ సంఖ్య వాళ్ల పరిమేయ సంఖ్య, ఇది కొత్త మాటే కాబట్టి ఎవరూ పొరబడరు. ప్రమాదం ఎప్పుడూ తెలిసినట్టు వినపడే మాటతోనే.

కాబట్టి షీటు మరాఠీలోనే రాయండి, బడి పుస్తకంలోని మాటలూ ఆ పుస్తకంలో అంకెలు రాసే తీరూ అలాగే ఉంచి. తెలుగు నోటితో వివరించడానికి. పదాల ప్రశ్నల్ని మొదటిసారి తెలుగులో చెప్పేసి తర్వాత షీటు ఇవ్వొద్దు. పరీక్షలో వాళ్లకు వినిపించేవాళ్లు ఉండరు, చదివి అర్థం చేసుకోవడం కూడా ఇక్కడే అలవాటు కావాలి.

వరుస

20 చీటీలు చేసుకోండి. ముందు వైపు ప్రశ్న, వెనక పాఠం పేరు, కష్టం. చీటీలన్నీ నేల మీద పరిచి వెనక వైపు చూస్తూ సర్దండి. ఒకే పాఠం వెంట వెంటనే రాకూడదు. మొదటి మూడు సులువు. కఠినమైన ప్రశ్న తర్వాత ఇంకో కఠినమైనది వెంటనే రాకూడదు. మీ లెక్కకు కుదిరే వరుస ఒకటి ఇస్తున్నాను. సు అంటే సులువు, మ అంటే మధ్యస్థం, క అంటే కఠినం:

1 పూర్ణాంకం సు, 2 కోణం సు, 3 పరిమేయం సు, 4 పళ్ల బుట్టలు మ, 5 ఘాతాంకం సు, 6 పరిమేయం క, 7 పూర్ణాంకం మ, 8 బస్సులు మ, 9 కోణం మ, 10 పరిమేయం మ, 11 మూడంకెల పెద్ద సంఖ్య క, 12 పరిమేయం సు, 13 కోణం క, 14 పూర్ణాంకం మ, 15 అతి తక్కువ బుట్టలు మ, 16 పరిమేయం క, 17 ఘాతాంకం మ, 18 కోణం మ, 19 మసావి సు, 20 పరిమేయం మ.

కఠినమైనవన్నీ చివర పోగేయకపోవడానికి ఒక కారణం ఉంది. చివర పెడితే పిల్లవాడు వాటిని వదిలేసినప్పుడు రాక వదిలేశాడో టైము చాలక వదిలేశాడో మనకు తెలియదు. పై వరుసలో 16 ఖాళీగా ఉండి 19 చేసి ఉంటే, వాడికి 16 రాలేదని అర్థం. 19 కూడా ఖాళీగా ఉంటే ముందు ఎక్కడో టైము పోగొట్టుకున్నాడు. 19లో సులువైన మసావి పెట్టింది అందుకే.

పాఠాల పేర్లు శీర్షికలుగా రాయొద్దు. 'లసావి కట్టి జవాబు రాయండి' లాంటి సూచనలు కూడా తీసేయండి, సులువు ప్రశ్నల్లో తప్ప. పోయినసారి పాఠానికి పదేసి ఇచ్చినప్పుడు శీర్షికే సగం జవాబు చెప్పేసింది. లసావి అని పైన రాసి ఉన్న షీటులో బస్సుల ప్రశ్న వస్తే పిల్లవాడు చదవకుండానే రెండు అంకెలు తీసి లసావి కడతాడు, అది కరెక్టవుతుంది కూడా.

టైము: సులువుకు 2 నిమిషాలు, మధ్యస్థానికి 3, కఠినానికి 5. మొత్తం 12, 30, 20 కలిపి 62 నిమిషాలు. 65 నిమిషాలిచ్చి ఆపేయండి. ఇచ్చేముందు మీరు గడియారం పెట్టుకుని మొత్తం చేయండి, మీకు 20 నిమిషాలు దాటితే ఏడో తరగతికి షీటు పొడవైందని లెక్క. జవాబులు కూడా అప్పుడే రాసుకుంటే జిరాక్స్ తీయకముందే తప్పులు బయటపడతాయి.

దిద్దడం, మళ్లీ ఇవ్వడం

మార్కు వేసి వదిలేస్తే ఈ కష్టమంతా వృథా. తప్పు పక్కన మూడు అక్షరాల్లో ఒకటి రాయండి: పద్ధతి తప్పైతే ప, లెక్క తప్పైతే లె, చదవడం తప్పైతే చ. బస్సుల ప్రశ్నకు ఒక పిల్ల 12 అని రాసింది అనుకుందాం, మసావి కట్టేసింది, అది ప. ఇంకొకరు 440 నిమిషాలు అని రాశారు, లసావే కట్టారు, గుణకారంలో పోయింది, అది లె. మూడోవాడు 420 దగ్గరే ఆగాడు, లేదా '7 గంటలకు' అని రాశాడు, లెక్క సరే, అడిగింది బయల్దేరే సమయమని చూడలేదు, అది చ. ముగ్గురికీ మార్కు సున్నానే, ముగ్గురికీ ఇవ్వాల్సిన మందు వేరు. ప వచ్చిన వాళ్లకు ఇంకో పది లసావిలు ఇస్తే పని చేయదు. పళ్ల ప్రశ్న, బస్సుల ప్రశ్న పక్కపక్కన పెట్టి, జవాబు ఇచ్చిన అంకెల కంటే చిన్నగా రావాలా పెద్దగా రావాలా అని ముందు చెప్పించండి, లెక్క తర్వాత. బుట్టలో పట్టే పళ్లు 60 కంటే ఎక్కువ ఉండవు, రెండు బస్సులూ మళ్లీ కలిసేది 84 నిమిషాల కంటే ముందు కాదు.

ప్రశ్న ఎంత కష్టమో మీరు వేసిన అంచనాను కూడా అప్పుడే సరిచూడండి. పదకొండు మందిలో 9 లేదా ఎక్కువ మంది చేస్తే అది సులువు, 6 నుంచి 8 మంది చేస్తే మధ్యస్థం, 5 లేదా తక్కువైతే కఠినం. మీరు సులువు అనుకున్నది నలుగురే చేశారంటే ఆ ప్రశ్న మాట సరిగా లేదేమో చూడండి, ముఖ్యంగా పూరక కోణం లాంటి చోట. ఒక్క పిల్లవాడి తేడాతో మాత్రం పేరు మార్చొద్దు, పదకొండు మందిలో ఒక్కరంటేనే నూటికి తొమ్మిది.

మొదటి షీటు రేపో ఎల్లుండో, అంటే పరీక్షకు పది రోజుల ముందు ఇవ్వండి. ఆ తర్వాత నాలుగు రోజులు తప్పుల మీద పని. రెండో షీటు పరీక్షకు అయిదు రోజుల ముందు, అవే పాళ్లతో, వేరే వరుసలో. అంకెలు మాత్రమే మార్చి బస్సుల కథ అలాగే ఉంచితే 'బస్సులు వస్తే లసావి' అని కొత్త కొండగుర్తు పెట్టుకుంటారు. కథ మార్చండి: 60 మీటర్లు, 84 మీటర్ల రెండు తాళ్లను మిగలకుండా సమానమైన ముక్కలు చేయాలి, ఒక్కో ముక్క గరిష్ఠంగా ఎంత పొడవు? పరీక్ష ముందు రోజు సాయంత్రం కొత్త షీటు ఏదీ ఇవ్వొద్దు. అప్పుడు దొరికిన తప్పు దిద్దడానికి సమయం ఉండదు, పిల్లలకు బెదురు మిగులుతుంది.

ఇంటివాళ్లకు ఒక మాట ముందే చెప్పి పెట్టండి. పాఠాలవారీ షీటులో 18 తెచ్చుకున్న పిల్ల ఈ షీటులో 12 తెచ్చుకోవచ్చు. దాన్ని చూసి ట్యూషన్‌లో వెనకబడిందని అనుకుంటారు. 2007లో అమెరికాలో డగ్ రోరర్, కెల్లీ టేలర్ కాలేజీ విద్యార్థులతో ఘనాకారాల ఘనపరిమాణం లెక్కలు చేయించి ఇదే పరీక్షించారు. సాధన జరిగేటప్పుడు ఒకే రకం లెక్కలు వరుసగా చేసినవాళ్లు నూటికి 89 సరిగ్గా చేశారు, కలిపి చేసినవాళ్లు 60. వారం తర్వాత పరీక్ష పెడితే వరుసగా చేసినవాళ్లకు 20, కలిపి చేసినవాళ్లకు 63. 2020లో రోరర్ బృందం ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి గదుల్లో కొన్ని నెలల పాటు ఇలా చేయించి, ఒక నెల తర్వాత చెప్పకుండా పరీక్ష పెట్టింది. కలిపి చేసిన గదులకు 61, పాఠాలవారీగా చేసిన గదులకు 38. అక్కడ సాధన నెలల పాటు సాగింది, మీకున్నది పన్నెండు రోజులు, కాబట్టి అంత తేడా ఆశించొద్దు. కానీ మొదటి షీటు మార్కు పాఠాలవారీ మార్కు కంటే తగ్గిందని కంగారుపడి మళ్లీ పాత పద్ధతికి పోవద్దు. మొదటి షీటులో ప అక్షరాలు ఎన్ని, రెండో షీటులో ఎన్ని అని మాత్రం పోల్చండి, మీరు వెతుకుతున్న మార్పు ముందుగా కనపడేది అక్కడే.